ఒక్కరోజు ఫోన్‌కి అందకుండా వెళ్తున్నారా? టీమ్ గ్రూపులో మెసేజ్ పెట్టడం, పనులు అప్పగించడం ఇలా

ఈ ప్రశ్న చాలామంది నన్ను అడుగుతున్నారు. "రేపు ఒక్కరోజు ఉండనని గ్రూపులో ఏం రాయాలి?" అని. అడిగినవాళ్ళందరికీ ముక్కలు ముక్కలుగా చెప్పేకన్నా ఒకచోట రాసిపెడదామని కూర్చున్నాను.

నేను విజయవాడలో ఒక సరుకుల పంపిణీ సంస్థలో డిస్పాచ్ చూస్తాను. బిల్లులు, ఈ-వే బిల్లులు, లారీలు, గోడౌన్. సరుకు బండిలో కదలాలంటే జీఎస్‌టీ కింద ఆన్‌లైన్‌లో తీసుకునే పత్రమే ఈ-వే బిల్లు. అందుకే ఉదాహరణలన్నీ అక్కడివే. మీది వేరే పనైతే బిల్లు బదులు మీ ఫైలు, లారీ బదులు మీ క్లయింటు పెట్టుకుని చదవండి.

ముందుగా నా తప్పు చెబుతాను. ఒకసారి రాత్రి పదిన్నరకి గ్రూపులో "రేపు లీవ్, అర్జెంట్ అయితే కాల్ చేయండి" అని పెట్టి పొద్దున్నే ఊరెళ్ళిపోయాను. ఈ-వే బిల్లు వెబ్‌సైట్‌లోకి లాగిన్ అవ్వాలంటే ఓటీపీ కావాలి. అది నా నంబర్‌కి వస్తుంది. నా ఫోన్‌కి సిగ్నల్ లేదు. లోడ్ ఎక్కించిన లారీ గోడౌన్ గేటు దగ్గర ఐదు గంటలు నిలబడింది. మెసేజ్ పెట్టలేదని నన్నెవరూ అనలేరు, పెట్టాను. కానీ ఆ మెసేజ్‌తో ఎవరి చేతిలోకీ ఏ పనీ వెళ్ళలేదు.

అప్పటినుంచి నా పద్ధతి మారింది. గ్రూపు మెసేజ్ ఆఖరి మెట్టు. అప్పగింత అంతా అంతకు ముందే అయిపోవాలి. జరిగిపోయినదాన్ని అందరికీ కనిపించేలా రాసిపెట్టడానికే ఆ మెసేజ్.

కింది మెట్లన్నిటికీ ఒకే ఉదాహరణ తీసుకుంటున్నాను. బుధవారం అమ్మానాన్నలతో కారులో శ్రీశైలం వెళ్ళాలి. దోర్నాల దాటాక నల్లమల అడవిలో సిగ్నల్‌ని నమ్ముకోలేం. గుడిలోకి ఫోన్ తీసుకెళ్ళనివ్వరు. అంటే ఆ రోజు నేను లేనట్టే.

## 1. మీ ఫోన్ లేకపోతే ఏమేం ఆగుతాయో రాసుకోండి

రెండు రోజుల ముందు, అంటే సోమవారం, ఒక కాగితం తీసుకోండి. "నా పనులేంటి" అని ఆలోచించకండి. అలా ఆలోచిస్తే పెద్ద పనులే గుర్తొస్తాయి. ఇబ్బంది పెట్టేవి ఎప్పుడూ చిన్నవే.

దానికి బదులు పోయిన వారం ఇదే రోజు మీ కాల్ లిస్ట్ తీసి చూడండి. పోయిన బుధవారం మీకు ఎవరెవరు ఫోన్ చేశారు, దేనికి చేశారు? తర్వాత అదే రోజు గ్రూపులో మిమ్మల్ని అడిగిన ప్రశ్నలు చూడండి. ఆ తర్వాత ఎస్సెమ్మెస్‌లు తెరిచి ఏయే ఓటీపీలు వచ్చాయో చూడండి. ఈ మూడూ చూస్తే పది నిమిషాల్లో అసలు జాబితా తయారవుతుంది.

నా జాబితా ఇలా వచ్చింది:

- ఈ-వే బిల్లు లాగిన్ ఓటీపీ (నా నంబర్‌కే)
- లారీ డ్రైవర్లు దారి అడగడం, బండి ఆగిపోతే చెప్పడం
- పాత బాకీ ఉన్న డీలర్‌కి సరుకు పంపాలా వద్దా అని గోడౌన్ నుంచి వచ్చే ఫోన్
- రెండో గోడౌన్ తాళం (నా బ్యాగులో!)
- డ్యామేజీ సరుకు వాపసు లెక్క

నాలుగోది కాల్ లిస్ట్ చూడబట్టే గుర్తొచ్చింది. "సార్, తాళం మీ దగ్గరే ఉందా?" అన్న ఫోన్ పోయిన బుధవారం కూడా వచ్చింది.

తేదీ కూడా ఒకసారి చూసుకోండి. మా పనిలో జీఎస్‌టీ రిటర్నులకి, అంటే జీఎస్‌టీఆర్-1కి 11వ తేదీ, జీఎస్‌టీఆర్-3బికి 20వ తేదీ, మామూలుగా ఆఖరి రోజు. ఆ రెండు రోజులూ, వాటి ముందురోజులూ నేను సెలవు పెట్టను. మీ పనిలోనూ అలాంటి తేదీలు ఉంటాయి. ప్రయాణం మీ చేతిలో ఉంటే వాటిని తప్పించండి.

## 2. మనిషితో ముందు విడిగా మాట్లాడండి

గ్రూపులో "సురేష్ చూసుకుంటాడు" అని రాసేశాకే సురేష్‌కి ఆ సంగతి తెలియడం చాలా ఆఫీసుల్లో జరిగేదే. అందరి ముందూ కాదనలేక ఊరుకుంటాడు. అంటే ఒప్పుకున్నాడని కాదు. ఆ రోజు అతనికి డాక్టర్ అపాయింట్‌మెంట్ ఉండొచ్చు, బయట కలెక్షన్ పని ఉండొచ్చు. (ఇందులోని పేర్లు, అంకెలు ఉదాహరణకి పెట్టినవి.)

ముందు ఎదురుగా గానీ ఫోన్‌లో గానీ మూడు ప్రశ్నలు అడగండి.

- "బుధవారం రోజంతా ఆఫీసులోనే ఉంటావా? మధ్యలో ఎక్కడికైనా వెళ్ళాలా?"
- "ఈ పనుల్లో ఇంతకుముందు నువ్వు సొంతంగా చేయనిది ఏది?"
- "నువ్వు కూడా చూడలేకపోతే ఎవరిని అడుగుతావు?"

రెండో ప్రశ్నని ఎక్కువమంది వదిలేస్తారు. సురేష్‌ని అడిగితే, "బిల్లు చేయడం వచ్చు అన్నా, గడువు పొడిగించడం ఎప్పుడూ చేయలేదు" అన్నాడు. అక్కడే కూర్చోబెట్టి చూపించాను. ఆ ప్రశ్న అడగకపోయి ఉంటే ఆ సంగతి బుధవారం రాత్రి బయటపడేది.

అన్ని పనులూ ఒక్కరి నెత్తినే పెట్టకండి. అలాగని ఐదుగురికి పంచితే ఎవరిని అడగాలో ఎవరికీ తెలియదు. నా లెక్కలో ఒక ముఖ్యమైన మనిషి, డబ్బు సంగతికి ఇంకొకరు, వస్తువులకి ఒకరు. అంతే చాలు.

## 3. లాగిన్, ఓటీపీ, తాళాలు: ముందురోజే పరీక్షించండి

అప్పగింతలన్నిటిలో ఎక్కువగా తప్పేది ఇక్కడే. కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను.

ఈ-వే బిల్లు వెబ్‌సైట్ (ewaybillgst.gov.in) లో 2025 ఏప్రిల్ 1 నుంచి అందరికీ రెండంచెల లాగిన్ తప్పనిసరి చేశారు. పాస్‌వర్డ్ ఒక్కటే సరిపోదు, ఓటీపీ కూడా కొట్టాలి. ఆ ఓటీపీ ఎవరి యూజర్ ఐడీతో లాగిన్ అవుతున్నారో వాళ్ళ నంబర్‌కే వస్తుంది. కాబట్టి "నా పాస్‌వర్డ్ సురేష్‌కి ఇచ్చాను, చాలు" అంటే పని జరగదు.

చాలామంది మూడు అడ్డదారులు తొక్కుతారు. మూడూ చెడ్డవే.

పాస్‌వర్డ్ గ్రూపులో పెట్టడం. గ్రూపులో పెట్టింది ఎప్పటికీ అక్కడే ఉంటుంది. రేపు ఉద్యోగం మానేసినవాడి ఫోన్‌లోనూ ఉంటుంది.

"ఓటీపీ వస్తే ఫోన్‌లో చదివి చెబుతాను" అనడం. సిగ్నల్ లేనిచోటుకి వెళ్తూ ఈ మాట చెప్పడంలో అర్థం లేదు. సిగ్నల్ ఉన్నా ఓటీపీలు చదివి చెప్పే అలవాటు మంచిది కాదు.

కాల్ ఫార్వర్డింగ్ పెట్టడం. ఇది కాల్స్‌ని మాత్రమే మళ్ళిస్తుంది. ఓటీపీ ఎస్సెమ్మెస్ మీ ఫోన్‌కే వస్తుంది. డ్రైవర్ల కాల్స్ కోసం ఫార్వర్డింగ్ పెట్టుకోండి, మంచిదే. ఓటీపీ విషయంలో మాత్రం దాన్ని నమ్ముకోకండి.

సరైన దారి ఒక్కటే. అవతలి మనిషికి సొంత యూజర్ ఐడీ ఇవ్వాలి. ఈ-వే బిల్లు సైట్‌లో ముఖ్య యూజర్‌తో లాగిన్ అయ్యి `User Management` లో సబ్-యూజర్‌ని తయారుచేసే వీలుంది. అక్కడ సురేష్ పేరు, సురేష్ మొబైల్ నంబర్ ఇస్తే ఇక అతని ఓటీపీ అతనికే వస్తుంది. అతను ఏమేం చేయొచ్చో కూడా అక్కడే టిక్ పెట్టాలి. సబ్-యూజర్‌ని తయారుచేసేటప్పుడు కూడా ముఖ్య నంబర్‌కి ఓటీపీ వస్తుంది కాబట్టి ఈ పని మీరు ఊళ్ళో ఉండగానే అవ్వాలి. దారిలో గుర్తొస్తే లాభం లేదు.

బ్యాంకు, కొరియర్, ప్లాట్‌ఫామ్ ఏదైనా ఇదే సూత్రం. రెండో యూజర్‌ని పెట్టుకునే వీలుందేమో ముందు చూడండి. లేకపోతే ఆ పనిని వెళ్ళేముందే ముగించండి, లేదా వచ్చాక చేస్తానని చెప్పండి.

పరీక్ష ఇలా చేయండి. మంగళవారం మధ్యాహ్నం మీ ఫోన్‌ని ఒక గంట ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. ఆ గంటలో సురేష్‌ని ఒక నిజమైన బిల్లు చేయమనండి. అతను మీ టేబుల్ దగ్గరికి వస్తే ఏదో మర్చిపోయారన్నమాట. మా దగ్గర అతను వచ్చాడు. లాగిన్ అయింది, బిల్లు తయారైంది, కానీ ప్రింటర్ నా కంప్యూటర్‌కే కలిపి ఉంది.

తాళం సంగతి సులభం. చేతికి ఇవ్వండి. "డ్రాయర్‌లో ఉంది" అని చెప్పడం వేరు, చేతికి ఇవ్వడం వేరు.

## 4. ఒక్కో పెండింగ్ పనిని నాలుగు ముక్కల్లో రాయండి

"వైజాగ్ లోడ్ పెండింగ్, చూసుకో" అని రాస్తే చదివేవాడికి ఏమీ తెలియదు. ప్రతి పనికీ నాలుగు ముక్కలు కావాలి:

- ఇప్పుడు ఎక్కడుంది
- తర్వాత ఏం చేయాలి
- ఎప్పటిలోగా
- ఎవరు

వైజాగ్ లోడ్‌నే తీసుకుందాం. విజయవాడ నుంచి విశాఖపట్నం సుమారు 350 కిలోమీటర్లు. మామూలు సరుకు బండికి ఈ-వే బిల్లు ప్రతి 200 కిలోమీటర్లకి ఒక రోజు చెల్లుతుంది. మిగిలిన దూరం 200 కన్నా తక్కువైనా దానికి ఇంకో రోజు. అంటే దీనికి రెండు రోజులు. రోజు అంటే బిల్లు చేసిన మర్నాటి అర్ధరాత్రితో ముగిసేది. సోమవారం బిల్లు చేస్తే మొదటి రోజు మంగళవారం అర్ధరాత్రికి, రెండో రోజు బుధవారం అర్ధరాత్రికి అయిపోతుంది.

లోడింగ్ ఆలస్యమై బండి మంగళవారం రాత్రి బయల్దేరుతోంది. మామూలుగా అయితే బుధవారం పొద్దుటికల్లా చేరుతుంది. తుని దగ్గర టైరు పేలితే? ఇంజిన్ మొరాయిస్తే? బిల్లు గడువు దాటిన బండిని అధికారులు ఆపితే జరిమానా పడుతుంది. గడువు పొడిగించుకోవచ్చు గానీ ఎప్పుడు పడితే అప్పుడు కుదరదు. గడువు ముగియడానికి 8 గంటల ముందు నుంచి, ముగిశాక 8 గంటల వరకే వీలుంటుంది. అంటే బుధవారం సాయంత్రం 4 నుంచి గురువారం ఉదయం 8 వరకు. ఆ మొత్తం సమయంలో నేను అడవిలోనో, కారులోనో ఉంటాను.

"చూసుకో" అన్న ఒక్క మాటలో ఇంత సంగతి దాగి ఉంది. దాన్ని బయటికి తీసి ఇలా రాయాలి: "బుధవారం సాయంత్రం 4కి డ్రైవర్‌కి ఫోన్ చెయ్యి. సరుకు దిగిపోతే సరే. దిగకపోతే అప్పుడే గడువు పొడిగించు. బండి మార్చాల్సి వస్తే కొత్త బండి నంబర్ పార్ట్-బిలో మార్చాకే సరుకు కదలాలి."

ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది గంట. "సాయంత్రం చూడు" అంటే ఒకడికి నాలుగు, ఇంకొకడికి ఏడు. గంట రాయండి. ఆ గంటకి సురేష్ ఫోన్‌లో అలారం పెట్టించండి. కొంచెం అతిగా అనిపిస్తుంది, అనిపించనివ్వండి.

ఏమీ చేయనక్కర్లేని పనుల్ని కూడా రాయాలి. "డ్యామేజీ వాపసు గురువారం వరకు ఆగొచ్చు, ఎవరూ ముట్టుకోవద్దు" అని రాయకపోతే, మంచి మనసున్నవాడెవరో సాయం చేద్దామని దాన్ని కెలుకుతాడు. వచ్చాక రెండు రోజులు లెక్క కుదరదు.

## 5. ఎవరు ఎంతవరకు నిర్ణయించవచ్చో చెప్పండి

పని తెలిసినా, లాగిన్ ఉన్నా, "చేయొచ్చా, చేస్తే ఏమంటారో" అన్న భయంతో పనులు ఆగుతాయి. మీరు లేని రోజు ఆ భయం రెట్టింపవుతుంది. దానికి ఒక గీత గీసి ఇవ్వండి.

నేను రెండు గీతలు గీస్తాను. మొదటిది డబ్బు: దారిఖర్చు, రిపేరు, హమాలీ 5,000 రూపాయల లోపైతే సురేష్ సొంతంగా ఇవ్వొచ్చు. దాటితే మా యజమానిని అడగాలి. రెండోది వెనక్కి తీసుకోలేని పనులు: బాకీ ఉన్న డీలర్‌కి సరుకు వదలడం, బిల్లు రద్దు చేయడం లాంటివి. వీటికి మొత్తంతో సంబంధం లేదు, ఎంత చిన్నవైనా అడగాల్సిందే. ఈ-వే బిల్లు రద్దు చేయాలంటే చేసిన 24 గంటల్లోపే చేయాలి కాబట్టి అది కూడా "వచ్చాక చూద్దాం" అనుకునేది కాదు. ఎవరిని అడగాలో పేరు రాయాల్సిందే.

మీ గీతల గురించి యజమానికో మేనేజర్‌కో ముందే చెప్పండి. మీరు ఇచ్చిన అధికారాన్ని పైవాళ్ళు ఆ రోజు కాదంటే ఇబ్బంది పడేది సురేష్.

"అర్జెంట్ అయితే కాల్ చేయండి" అన్న వాక్యం గురించి ఇక్కడే చెప్పాలి. నా సలహా ఏంటంటే దాన్ని కొట్టేయండి. అది ఉన్నంతవరకు ఎవరూ నిర్ణయం తీసుకోరు, మీకే ప్రయత్నిస్తూ ఉంటారు. మీరు ఎత్తలేరు. మీరు ఎత్తగలిగితే ఇక అది ఆఫ్‌లైన్ కాదు. నిజంగా ప్రమాదం లాంటిది జరిగితే మిమ్మల్ని చేరే దారి ఒక్క మనిషికే, విడిగా చెప్పండి. నేనైతే తమ్ముడి నంబర్ సురేష్‌కి ఇచ్చాను. కారు నడిపేది వాడే. గ్రూపులో పెట్టలేదు.

## 6. మెసేజ్ రాయడం

ఇప్పుడు రాయండి. ఇంతవరకు చేసిందంతా చేతిలో ఉంది కాబట్టి పావుగంట పని.

వరుస ముఖ్యం. ఫోన్‌లో నోటిఫికేషన్ వచ్చినప్పుడు మొదటి లైనే కనిపిస్తుంది. "అందరికీ నమస్కారం, మీ అందరికీ తెలియజేయునది ఏమనగా" అని మొదలుపెడితే అసలు సంగతి ఎవరికీ కనిపించదు. మొదటి లైన్‌లో రోజు, గంటలు. రెండో లైన్‌లో మీ బదులు ఎవరు. తొందరలో ఉన్నవాడికి ఈ రెండు చాలు. వివరాలు కింద.

కారణం ఒక్క ముక్క చాలు. ఇష్టం లేకపోతే "సొంత పని" అని రాయండి. టీమ్‌కి కావాల్సింది మీరు ఎక్కడికి వెళ్తున్నారన్నది కాదు, ఫోన్ అందుతుందా లేదా అన్నది.

తిరిగి వచ్చే సమయం కాస్త వెనక్కి జరిపి చెప్పండి. శ్రీశైలం సంగతే చూడండి. దోర్నాల దారిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు అటవీశాఖ గేటు మూసేస్తారు. దర్శనం ఆలస్యమై 9కి గేటు దగ్గరికి రాలేకపోతే రాత్రి అక్కడే ఉండాలి. కాబట్టి "బుధవారం రాత్రికి వచ్చేస్తాను" అని నేను రాయను. "గురువారం ఉదయం 10 వరకు" అని రాస్తాను. ముందే వస్తే సంతోషమే, చెప్పిన టైమ్ దాటితే అందరికీ టెన్షన్. గురువారం ఉదయం 8కి ముగిసే గడువుని నేను వచ్చాక చూసుకుంటానని వదలకపోవడానికి కారణం కూడా ఇదే.

నేను పెట్టిన మెసేజ్ ఇది:

> బుధవారం నేను ఫోన్‌కి అందను (ఉదయం 4 నుంచి గురువారం ఉదయం 10 వరకు)
> నా బదులు: సురేష్. బిల్లులు, ఈ-వే బిల్లులు, బండ్ల సంగతి ఏదైనా సురేష్‌నే అడగండి. డబ్బు, బాకీల సంగతి లక్ష్మి మేడమ్. రెండో గోడౌన్ తాళం నాగరాజు అన్న దగ్గర ఉంది.
>
> శ్రీశైలం వెళ్తున్నాను, దారిలో సిగ్నల్ ఉండదు.
>
> నడుస్తున్న పనులు
> 1. వైజాగ్ లోడ్ (బిల్లు చివర 4417): బండి ఈ రాత్రి బయల్దేరుతుంది. బిల్లు గడువు బుధవారం అర్ధరాత్రి. సురేష్ బుధవారం సాయంత్రం 4కి డ్రైవర్‌కి ఫోన్ చేస్తాడు. సరుకు దిగకపోతే అప్పుడే గడువు పొడిగిస్తాడు.
> 2. గుంటూరు డీలర్ ఆర్డర్: సరుకు ప్యాక్ చేసి ఉంది. పాత బాకీ వచ్చిందని లక్ష్మి మేడమ్ ఈ గ్రూపులో చెప్పాకే నాగరాజు అన్న లోడ్ చేయిస్తారు. అంతవరకు పంపొద్దు.
> 3. డ్యామేజీ వాపసు: గురువారం నేను చేస్తాను. ఎవరూ ముట్టుకోవద్దు.
>
> నిర్ణయాలు: 5,000 లోపు ఖర్చు సురేష్ ఇష్టం. అంతకు మించితే, లేదా ఏ బిల్లు రద్దు చేయాలన్నా సార్‌ని అడగాలి. సార్‌కి చెప్పాను.
>
> సురేష్, లక్ష్మి మేడమ్, నాగరాజు అన్న చదివి "ఓకే" అని పెట్టండి. సందేహాలుంటే ఈ రోజు సాయంత్రం 6 లోపు అడగండి.

పొడవుగా ఉందనిపిస్తే మూడో పెండింగ్ పని దగ్గర ఆపి మిగతావి సురేష్‌కి విడిగా పంపండి. ఒక స్క్రీన్ దాటిన మెసేజ్‌ని చివరిదాకా చదివేవాళ్ళు తక్కువ.

వాయిస్ మెసేజ్ మాత్రం వద్దు. రాత్రి 11కి బిల్లు చివరి అంకెలు కావాలంటే మూడు నిమిషాల ఆడియో ఎవరు వింటారు?

## 7. పంపడం, చేరిందని తెలుసుకోవడం

ముందురోజు పని వేళల్లోనే పంపండి. నాకు మధ్యాహ్నం 3 బాగా కుదిరింది. భోజనాలు అయిపోయి ఉంటాయి, ప్రశ్నలు అడగడానికి ఇంకా మూడు గంటలుంటాయి. మరీ రెండు రోజుల ముందు పంపితే మిగతా మెసేజ్‌ల కింద కూరుకుపోతుంది.

వాట్సాప్ అయితే ఈ నాలుగూ చేయండి:

- ముగ్గురి పేర్లకీ ముందు @ పెట్టి ట్యాగ్ చేయండి.
- పంపగానే ఒకసారి చదవండి. తప్పుంటే 15 నిమిషాల్లోపు ఎడిట్ చేయొచ్చు.
- మెసేజ్‌ని పిన్ చేయండి. 24 గంటలు, 7 రోజులు, 30 రోజులు అని అడుగుతుంది. 7 రోజులు పెట్టి వచ్చాక తీసేయండి. మంగళవారం 3కి 24 గంటలు పెడితే బుధవారం 3కి, అంటే సరిగ్గా కావాల్సిన వేళకి, పైనుంచి పోతుంది.
- మెసేజ్‌ని నొక్కి పట్టుకుని వివరాలు చూస్తే ఎవరికి చేరింది, ఎవరు చదివారన్నది వస్తుంది.

నీలి టిక్కులని చూసి నిశ్చింతగా ఉండకండి. గ్రూపులో అందరూ మెసేజ్ తెరిస్తే చాలు, టిక్ నీలిరంగులోకి మారుతుంది. ఎవరు చదివారో, ఎవరు బొటనవేలితో పైకి తోసేశారో దానికి తెలియదు. "ఓకే" కావాలి. ఇంకా మంచిది, "4కి డ్రైవర్‌కి ఫోన్ చేస్తాను" అని అతని మాటల్లో రావడం. నాగరాజు అన్న గ్రూపు మెసేజ్‌లు పెద్దగా చదవరు. ఆయనకి నేరుగా వెళ్ళి చెప్పి తాళం ఇచ్చాను. ప్రతి టీమ్‌లో అలాంటి ఒకరు ఉంటారు, వాళ్ళెవరో మీకు తెలుసు.

గ్రూపులో లేనివాళ్ళు కూడా ఉంటారు. డ్రైవర్‌కి, ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుకి, రోజూ ఫోన్ చేసే డీలర్లకి "బుధవారం సురేష్‌కి ఫోన్ చేయండి" అని నంబర్‌తో చిన్న మెసేజ్ పంపండి. పెండింగ్ పనుల జాబితా వాళ్ళకి పంపకండి. గుంటూరు డీలర్ బాకీ సంగతి వైజాగ్ డీలర్‌కి అక్కర్లేదు.

## 8. ఆ రోజు

ఫోన్ ఆపేయండి. ఏ వినుకొండ దాటాకో సిగ్నల్ ఉందని ఒకసారి గ్రూపు తెరిచి ఒక ప్రశ్నకి జవాబిచ్చారంటే అయిపోయింది. "ఉన్నారుగా" అని మిగతా ప్రశ్నలన్నీ మీకే వస్తాయి. అంతకన్నా ముఖ్యం, సురేష్ అప్పటికే ఇచ్చిన జవాబుకి మీ జవాబు వేరుగా ఉంటే గోడౌన్‌లో ఎవరి మాట వినాలి?

చూడకుండా ఉండలేకపోతే చూడండి, జవాబు మాత్రం రాయకండి. ఏదైనా పెద్ద తప్పు జరుగుతోందనిపిస్తే గ్రూపులో కాకుండా సురేష్‌కి విడిగా ఫోన్ చేసి చెప్పండి. గ్రూపులో అతనే చెప్పాలి.

తిరిగి రావడం అనుకున్నదానికన్నా ఆలస్యమైతే ఆ ఒక్క సంగతి మాత్రం గ్రూపులో పెట్టండి. "గురువారం 10 కాదు, మధ్యాహ్నం 2. అప్పటిదాకా సురేష్‌నే అడగండి." అంతే.

## 9. వచ్చాక పని వెనక్కి తీసుకోవడం

దీన్ని చాలామంది మర్చిపోతారు. మీరు వచ్చారని గ్రూపులో రాసేంతవరకు బాధ్యత సురేష్‌దే. మీరు కుర్చీలో కూర్చున్నారని వైజాగ్ డ్రైవర్‌కి తెలియదు.

ముందు సురేష్‌తో పది నిమిషాలు కూర్చోండి. గ్రూపు అంతా పైనుంచి కిందకి చదివి మీ అంతట మీరే జవాబులివ్వడం మొదలుపెట్టకండి. సగం అప్పటికే తేలిపోయి ఉంటాయి. అతన్ని అడగాల్సింది ఇవి: ఏం జరిగింది, ఏం మిగిలింది, ఎవరికైనా ఏదైనా మాటిచ్చావా. మూడోది తప్పకుండా అడగండి. "శుక్రవారం పంపుతామని చెప్పాను అన్నా" అన్న మాట ఏ కాగితం మీదా ఉండదు.

తర్వాత గ్రూపులో రెండు లైన్లు: "వచ్చాను. బిల్లులు, బండ్ల సంగతి ఇక నన్నే అడగండి. వైజాగ్ సరుకు దిగింది. గుంటూరు ఆర్డర్ ఇంకా ఆగి ఉంది, లక్ష్మి మేడమ్ చెప్పాక కదులుతుంది." పిన్ తీసేయండి. కాల్ ఫార్వర్డింగ్ తీసేయండి. ఇది మర్చిపోయి రెండు రోజులు నా కాల్స్ అన్నీ సురేష్‌కి వెళ్ళాయి, నాకు మాత్రం ఎంత ప్రశాంతంగా ఉందో అనిపించింది.

సబ్-యూజర్‌ని మాత్రం తీసేయకండి. మళ్ళీ అవసరం పడుతుంది.

## వెళ్ళేముందు చూసుకునే జాబితా

రెండు రోజుల ముందు
- [ ] పోయిన వారం ఇదే రోజు కాల్స్, గ్రూపు ప్రశ్నలు, ఓటీపీలు చూశాను
- [ ] ఆ రోజు ఆఖరి తేదీ ఏదీ లేదు
- [ ] నా బదులు చూసే మనిషి నోటితో సరే అన్నారు
- [ ] అతనికి సొంత లాగిన్ ఉంది

ముందురోజు
- [ ] ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టి ఒక గంట పరీక్షించాను
- [ ] తాళాలు చేతికి ఇచ్చాను
- [ ] ప్రతి పనికీ స్థితి, తర్వాతి అడుగు, గంట, మనిషి రాశాను
- [ ] ఖర్చు గీత పైవాళ్ళకి చెప్పాను
- [ ] మెసేజ్ పంపి, పిన్ చేసి, ముగ్గురి "ఓకే" తీసుకున్నాను
- [ ] బయటివాళ్ళకి నంబర్ ఇచ్చాను, కాల్ ఫార్వర్డింగ్ పెట్టాను

వచ్చాక
- [ ] ముందు మనిషితో, తర్వాత గ్రూపుతో మాట్లాడాను
- [ ] ఇచ్చిన మాటలు అడిగి రాసుకున్నాను
- [ ] పిన్, ఫార్వర్డింగ్ తీసేశాను

ఆ బుధవారం వైజాగ్ బండి నిజంగానే ఆగింది. తుని దగ్గర కాదు, అన్నవరం దాటకముందే. సురేష్ నాలుగింటికి ఫోన్ చేస్తే డ్రైవర్ మెకానిక్ షాపులో ఉన్నాడట. నాలుగుంపావుకి గడువు పొడిగించాడు, రిపేరుకి 3,200 పంపాడు. నాకు ఈ సంగతి తెలిసింది గురువారం పదిన్నరకి, టీ తాగుతూ.